ఒక మెట్టు తగ్గించి

ఫ్యాక్టరీ క్వార్టర్స్, మూడో అంతస్తు

అక్కా,

నువ్వు నవ్వినా సరే, ముందు ఇది విను. షేర్లు అమ్మిన సంగతి ఇకమీదట ఫోన్లో ఎత్తకు. మెసేజీ కూడా వద్దు. నా ఫోను కంపెనీ ఇచ్చింది, అందులో ఏం మాట్లాడినా ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది. ఏమైనా చెప్పాలనుకుంటే నాలాగే కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి.

నాన్న మనకి వదిలిన షేర్లు, అదే, నీ ఖాతాలో ఉన్న మా కంపెనీ షేర్లు, మొత్తం అమ్మేశాను. నీ ఫోనుకొచ్చిన కోడు నువ్వు చదివి చెప్పాక పెద్ద పనేమీ పట్టలేదు. మా షేరు బద్ధకపు షేరు, రోజంతా చూసినా పట్టుమని పదిమంది కొనరు. మామూలు రోజున అన్నీ ఒకేసారి అమ్మబోతే ధర జారిపోతుంది. అందుకే జీతాల మర్నాటి దాకా ఆగాను. మాకందరికీ జీతంలో కొంత పట్టుకుని, ఆ డబ్బుతో ఉద్యోగుల ఫండు మార్కెట్లో మా కంపెనీ షేర్లే కొని మా పేర్ల మీద వేస్తుంది. అది కొనేది ఆ ఒక్క రోజే. నెలకంతటికీ పెద్ద బేరం అదే.

తెర మీద చూస్తే అప్పటికే ఎవరిదో అమ్మకం ఆర్డరు ఉంది. దానికన్నా ధర ఒక మెట్టు తగ్గించి మనది పెట్టాను. తక్కువకి ఇచ్చేవాడి సరుకే ముందు పోతుంది కదా. ఫండు మనవన్నీ ఎత్తుకుంది. ఆ అవతలివాడిది అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు లెక్కల్లో నన్ను ఏడిపించేదానివి, ఇప్పుడు చెప్పు ఎవరు గట్టివాళ్ళో.

డబ్బు నీ బ్యాంకులో పడగానే దుకాణం గదికి కట్టేసెయ్. ఎవరైనా అడిగితే గది కోసం అమ్మానని చెప్పు. అది అబద్ధం కాదుగా.

నీ తమ్ముడు


దుకాణం, కుట్టు మిషను ముందు

ఒరేయ్ పెద్ద ఆఫీసరూ,

నీ ఉత్తరం చూసి పక్క దుకాణం ఆవిడ నాకు ప్రేమలేఖ వచ్చిందనుకుంది. తమ్ముడు రాశాడంటే నమ్మలేదు. ఈ రోజుల్లో తమ్ముళ్ళు ఉత్తరాలు రాస్తారా అంది. నిజమే, నాకూ అనుమానం వచ్చింది.

గది మనదైపోయింది. డబ్బు కట్టి, సంతకాలు పెట్టి, తాళంచెవి చేతిలో పడ్డాక ఆ గోడల్ని తడిమి చూసుకున్నాను. ఇన్నేళ్ళు అద్దెకున్న గదే, తడిమితే కొత్తగా అనిపించింది. బడి తెరిచే రోజులు కాబట్టి చేతినిండా పిల్లల యూనిఫారాలు. ఖాళీ చెయ్యమని ఇక ఎవరూ అనరనుకుంటే నెత్తి మీంచి మూట దించినట్టుంది.

కానీ ఒకటి అర్థం కావట్లేదు. మూడేళ్ళుగా నేను షేర్లు అమ్మి గది కొందామంటే పాడి ఆవుని అమ్ముకుంటారా అని కసిరావు. మొన్న ఉన్నట్టుండి నువ్వే ఫోన్ చేసి, ఇవాళే అమ్మాలి, కోడు చదువు అన్నావు. నీ గొంతు కూడా బాగాలేదు. నేను బట్ట కత్తిరిస్తున్న చెయ్యి ఆపి చదివాను, ఎందుకని అడగడం కూడా మర్చిపోయాను. ఇప్పుడేమో ఫోన్లో మాట్లాడకు, కాగితం మీద రాయి. ఏం జరిగింది?

మేస్త్రీ మామ కళ్ళెలా ఉన్నాయి? ఒక కంటికి పొర బాగా కమ్మేసిందని అత్త చెప్పింది. ఆపరేషన్ ఈ నెలలోనే అనుకున్నారు. వెళ్ళి కనుక్కో. నాన్నతో కలిసి ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరైనవాడు, నాన్న పోయాక మనింటికి పెద్దదిక్కు ఆయనే, మర్చిపోకు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్

అక్కా,

ఏమీ జరగలేదు. పాడి ఆవు ముసలిదైతే అమ్ముకోమా, అంతే. ధర బాగుందనిపించింది. నువ్వు ప్రతిదానికీ భూతద్దం పెట్టి చూడకు.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. మా అకౌంట్స్ గదికి కొత్త తాళం వేశారు, లోపలికి అయిదుగురమే వెళ్తున్నాం. ఏ పని మీద అని అడక్కు, చెప్పకూడదు. లిఫ్టులో ఎవరైనా నన్ను చూసి నవ్వినా, నవ్వకపోయినా, ఎందుకా అని ఆలోచిస్తున్నాను. నిన్న కంప్లయన్స్ ఆఫీసరు, అంటే కంపెనీ రహస్యాలు బయటికి పోకుండా చూసేవాడు, మెట్ల దగ్గర ఆపి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. నేను మాత్రం ఏదో పనుందని గబగబా మెట్లెక్కేశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని.

మేస్త్రీ మామ ఇంటికి వెళ్ళాను. ఆపరేషన్ వచ్చే నెలకి వాయిదా వేసుకున్నారు. డబ్బు సర్దుబాటు కాలేదట. కుడికన్ను పూర్తిగా తెల్లబడింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. నన్ను చూసి చాలా సంతోషించాడు. నేనే ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

ఈ ఉత్తరం చదివాక చించెయ్.

తమ్ముడు


దుకాణం

తమ్ముడూ,

పేపర్లో చూశాను. యూనిఫారాలు చుట్టడానికి తెచ్చిన పాత పేపరు, అది కూడా రెండు రోజుల ఆలస్యంగా. మీ కంపెనీ పంపులకి పగుళ్ళొచ్చాయనీ, నీటి సరఫరా సంస్థ కాంట్రాక్టు రద్దు చేసిందనీ, అమ్మిన పంపులన్నీ వెనక్కి తీసుకోవాలనీ, షేరు ధర ఒక్క రోజులో సగానికి పడిందనీ ఉంది. కుడుతున్న యూనిఫారం పక్కన పెట్టి ఈ కాగితం తీశాను.

నీకు ముందే తెలుసా?

అవును, కాదు. రెండిట్లో ఒకటి రాయి. చుట్టూ తిప్పకు.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్

అక్కా,

అవును.

పగుళ్ళ సంగతి బయటపడగానే, వెనక్కి తీసుకోవాల్సిన పంపులకి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టే పని మా అకౌంట్స్‌కి ఇచ్చారు. అందులో నేనున్నాను. ఆ పని ఇచ్చేటప్పుడే మా పేర్లు రాసుకున్నారు. సంగతి ఇంకా లోకానికి చెప్పలేదు, చెప్పేదాకా నువ్వు గానీ నీ వాళ్ళు గానీ ఈ షేరు కొనకూడదు, అమ్మకూడదు, ఎవరికీ చెప్పకూడదు అని సంతకం తీసుకున్నారు. నేను పెట్టాను. పెట్టిన చేత్తోనే, జీతాల మర్నాడు ఇంటికొచ్చి నీకు ఫోన్ చేశాను.

నన్ను దొంగ అనకముందు ఒక్కసారి విను. నాలుగు రాత్రుల నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. ఎవరి జేబులో చెయ్యి పెట్టాను చెప్పు? నీ షేర్లు కొన్నది ఫండు. ఫండు అంటే మనిషి కాదు, జీతాలు పడ్డ మర్నాడు ఎంత ధరున్నా కొనే ఏర్పాటు. నువ్వు అమ్మకపోయినా అది ఇంకొకరి దగ్గర కొనేది. కార్మికుల ఖాతాల్లో ఆ షేర్లే పడేవి, ధర పడ్డాక అంతే నష్టం వచ్చేది. వాళ్ళని ముంచింది పగుళ్ళు, నేను కాదు. నేను చేసిందల్లా మన వాటా గోతిలో పడకుండా పక్కకి జరపడం. నాన్న ముప్ఫై ఏళ్ళు ఆ కొలిమి వేడిలో మాడి సంపాదించినవి అవి. సంగతి తెలిసి కూడా అవి సగమైపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? గది ఆసామి నిన్ను వీధిలోకి నెడతాననలేదూ?

మార్కెట్లో ఎప్పుడూ ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. బేరం అంటేనే అది.

నాకు భయంగా ఉంది అక్కా. ఎవరికీ నష్టం లేదని నాకు నేను చెప్పుకుంటుంటే కాసేపు తగ్గుతుంది. నువ్వు కూడా ఆ మాట అను.

తమ్ముడు


దుకాణం, తలుపులు మూసి

తమ్ముడూ,

అనలేను. ఇవాళ నాకో కవరు వచ్చింది.

బ్రోకరు కంపెనీ పంపింది, లోపల మార్కెట్ బోర్డు అడిగిన ప్రశ్నలున్నాయి. ఫలానా రోజున మీ దగ్గరున్న షేర్లన్నీ ఒకేసారి ఎందుకు అమ్మారు? ఆ నిర్ణయం ఎవరిది? ఆర్డరు ఎవరు పెట్టారు, ఎక్కడినుంచి? ఆ కంపెనీలో మీ బంధువులెవరైనా పనిచేస్తున్నారా? సంతకం పెట్టి జవాబివ్వాలి. తప్పు చెబితే శిక్ష అని కింద రాసుంది.

ఆర్డరు ఎక్కడినుంచి పెట్టారు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నాకు కంప్యూటరే లేదురా. నీ ఇంట్లో కూర్చుని నా పేరుతో లోపలికి వెళ్ళావు, అది వాళ్ళకి కనపడుతుందా, కనపడదా? నువ్వు నా ఖాతా నడిపిన పాపానికి నేనూ దొంగనేనా? గది తాళంచెవి చూస్తే ఇవాళ చేతికి వేడిగా తగులుతోంది. పోలీసులు గుమ్మం ముందు నిలబడితే పిల్లల తల్లులు నాకు కొలతలిస్తారా?

దుకాణం తలుపు ఎవరు తట్టినా ఉలిక్కిపడుతున్నాను. నిన్న ఒక పెద్దమనిషి నల్ల సంచీతో లోపలికొచ్చాడు. గది కాగితాలు గబగబా సొరుగులోకి తోశాను. ఆయన ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వచ్చాడు.

ఏం రాయాలో చెప్పు. కాదు, నిజం చెప్పు. నువ్వు ఇంకేదైనా దాచావా?

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్

అక్కా,

ఏమీ దాచలేదు. కాస్త ధైర్యంగా ఉండు.

ఇది అందరికీ వచ్చే కవరే. చెడు వార్త ముందు ఎవరు పెద్దగా అమ్మారో, మంచి వార్త ముందు ఎవరు కొన్నారో వాళ్ళ కంప్యూటర్లు ఏరి పెడతాయి. తర్వాత పేర్లూ, చిరునామాలూ, ఫోన్ నంబర్లూ కంపెనీలో సంతకాలు పెట్టిన మా లిస్టుతో పక్కపక్కన పెట్టి చూస్తారు. నీ ఇంటిపేరూ నా ఇంటిపేరూ ఒకటే, అందుకే తగిలింది. అంతవరకే వాళ్ళ దగ్గరుంది.

ఇలా రాయి. గది కొనాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను, ఆసామి గడువు పెట్టాడు, అందుకని అమ్మాను. గది రసీదు జతచెయ్యి. అది గట్టి కాగితం. కంప్యూటర్ సంగతి అడిగితే, నాకు ఇవన్నీ చేతకావు, తమ్ముడింటికి వచ్చినప్పుడు అతని దగ్గర కూర్చుని నా నిర్ణయంతో నేనే పెట్టాను అని చెప్పు. అంతే. నాలుగు వాక్యాలు. మూడు నిజాలు, ఒక్కటే అబద్ధం.

నువ్వు ఇలా రాయకపోతే నా ఉద్యోగం పోతుంది, అది చిన్న విషయం. జైలుంటుంది. బయటికొచ్చాక లెక్కల పని ఎవరూ ఇవ్వరు. నీ గది కూడా నిలవదు, తప్పించుకున్న నష్టమంతా వెనక్కి కట్టమంటారు, పైన జరిమానా. ఇద్దరం మునుగుతాం. ఎవరి కోసం? నష్టపోయినవాడెవడో చూపించు, నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. అలాంటివాడు లేడు అక్కా.

నిన్న కంపెనీ వాళ్ళు మా అయిదుగుర్నీ విడివిడిగా పిలిచి మాట్లాడారు. అందరం ఏమీ తెలియదన్నాం. బయటికొచ్చాక ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. మిగతా నలుగురూ నా వల్ల అనుమానంలో ఉన్నారు. అదొక్కటే నన్ను తినేస్తోంది.

నీ చేతుల్లో ఉన్నాను.

తమ్ముడు


దుకాణం

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే రాద్దామని కూర్చున్నాను. మూడు వాక్యాలు రాసేశాను కూడా. నాలుగోది రాయబోతే పాత ఉత్తరాలు ఒకసారి చూద్దామనిపించింది. చించమన్నావు గానీ నేను చించలేదు, ఒక్కగానొక్క తమ్ముడి ఉత్తరాలు ఎవరు చించుతారు.

నువ్వు అమ్మకపోతే ఫండు ఇంకొకరి దగ్గర కొనేది అని రాశావు. బానే ఉంది. కొన్నవాళ్ళు ఎలాగూ కొనేవాళ్ళే, ఒప్పుకుంటాను. మరి ఆ ఇంకొకరు ఎవరు? మొదటి ఉత్తరంలో నువ్వే గొప్పగా చెప్పుకున్నావు. తెర మీద ఎవరిదో ఆర్డరు ముందే ఉంది, ఒక మెట్టు తగ్గించి మనది తోశాను, వాడిది అలాగే మిగిలిపోయింది అని. నష్టపోయినవాడు కొనేవాళ్ళలో ఉంటాడని నువ్వు వెతుకుతున్నావు. వాడు అమ్మేవాళ్ళ వరసలో ఉన్నాడురా. వాడివి అమ్ముడుపోయేవి, నీవి నీ దగ్గరే ఉండి సగమయ్యేవి. నువ్వు ముందు దూరావు కాబట్టి నీ సగం వాడి నెత్తి మీద పడింది. నష్టం మాయమైపోలేదు. చేతులు మారింది.

అది ఎవరై ఉంటారా అని ఆలోచిస్తుంటే, మామకి డబ్బు సర్దుబాటు కాలేదన్న నీ మాట గుర్తొచ్చింది. మేస్త్రీ మామకి ఫోన్ చేశాను. షేర్ల మాట నేను ఎత్తలేదు, ఆపరేషన్ గురించే అడిగాను. ఆయనే చెప్పాడు. రిటైరైన వాళ్ళంతా జీతాల మర్నాడే కొద్దికొద్దిగా అమ్ముకుంటారట, ఫండు కొనే ఆ ఒక్క రోజునే. పనిచేసేవాళ్ళు కొంటుంటే పని మానేసినవాళ్ళు అమ్ముకోవడం, అది ఫ్యాక్టరీలో ఎప్పటినుంచో ఉన్న అలవాటట. ఆ నెల ఆపరేషన్ కోసమని మామ తనవన్నీ ఒకేసారి పెట్టాడట, కొడుకు పొద్దున్నే వచ్చి ఆర్డరు పెట్టి వెళ్ళాడట. ఎవడో ఒక్క మెట్టు తగ్గించి ముందు నిలబడ్డాడమ్మా, వాడికి ఏం తొందరుందో అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వచ్చే నెల అమ్ముదాంలే అనుకుంటే ఈలోగా కంపెనీ మునిగింది, ఇప్పుడమ్మితే సగం కంటికి కూడా చాలదు అని నవ్వాడు.

నేను ఫోను పెట్టేసి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ మొదటినుంచీ చదివాను.

రిటైరైనవాళ్ళ అలవాటు నీకు తెలియదని చెప్పకు. అకౌంట్స్‌లో కూర్చునేవాడివి. ఆ ఆర్డరు వాళ్ళలో ఒకరిదని ఆ రోజే తెలుసు, పేరు మాత్రం తెలియదు, తెలుసుకోవాలనుకోలేదు. వాయిదా పడిందని మామ చెప్పినప్పుడు పేరు కూడా తెలిసింది. అందుకే ఎక్కువసేపు కూర్చోలేకపోయావు. నాకు రాసింది మాత్రం, డబ్బు సర్దుబాటు కాలేదట.

నువ్వు కొలిమి దగ్గరికెళ్ళి పంపుని తట్టి చూసి పగులు కనిపెట్టి ఉంటే, అది నీ తెలివి అనేదాన్ని. ఇది నీ తెలివి కాదు, కంపెనీ నిన్ను నమ్మి చేతిలో పెట్టిన కాగితం. గిరాకీ నాకిచ్చిన గుడ్డలో నేను ముక్క కత్తిరించుకుని, మిగిలిందిలే, ఎవరికి నష్టం అంటే ఏమంటావు? అందరూ ఒకే చీకట్లో నిలబడ్డప్పుడు ఎవరి కాలు గోతిలో పడినా అది అదృష్టం, దురదృష్టం. ఒక్కడి చేతిలో దీపం ఉండి, వాడు పక్కవాణ్ణి అటు నెట్టి ఇటు జరిగితే దాన్ని అదృష్టం అనరు.

ఆ మనిషి ఎవరో మర్చిపోయావా? అమ్మకి ఊపిరి అందని ఏడాది, క్వార్టర్స్ కోసం వరసలో నాన్న కన్నా ముందు మామ పేరుంది. నా పిల్లలు గట్టివాళ్ళు, వీళ్ళకి ముందివ్వండి అని తన వంతు మనకిచ్చాడు. నువ్విప్పుడు పడుకునే ఆ గది అలా వచ్చిందే. అందులో కూర్చునే ఆ ఆర్డరు పెట్టావు.

నేను నాలుగో వాక్యం రాయలేదు. మొదటి మూడూ కూడా కొట్టేశాను. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టి కవరులో పెట్టాను. కోడు నేను చదివానని కూడా రాశాను, ఎందుకని అడగలేదని కూడా. సోమవారం పోస్టు చేస్తాను. ఈలోగా నువ్వే వెళ్ళి మీ కంప్లయన్స్ ఆఫీసరుకి చెబితే, నీ నోటితో చెప్పినట్టుంటుంది. నా కవరు వాళ్ళకి నీ తర్వాత అందాలని నా కోరిక. గది పోతే పోతుంది. మిషను ఎక్కడ వేసినా కుడుతుంది.

నాకు భయం పోలేదు. నిన్ను జైలుకి పంపుతున్నానేమో అని నిన్నటినుంచీ అదే ఆలోచన. అయినా నీ మీద ప్రేమ ఒక్క మెట్టు కూడా తగ్గలేదు. ముందు మామ దగ్గరికి వెళ్ళు. ఆఫీసుకి తర్వాత.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్

అక్కా,

నీ మీద చాలా కోపం వచ్చింది. నీ ఉత్తరం నలిపి మూలకి విసిరాను. తర్వాత తీసి, చేత్తో సాపు చేసి, మళ్ళీ చదివాను. నువ్వు రాసింది నిజం. ఆ రోజు మామ ఇంట్లో ఆ మాట విన్నప్పుడే తెలిసింది. ఎవరికీ నష్టం లేదని నీకు రాసిన ప్రతిసారీ ఆయన కన్నే కనపడేది.

ఇవాళ పొద్దున వెళ్ళాను. అత్త మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది. మామ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, మంచి కన్ను నా వైపు తిప్పి కూర్చున్నాడు. మొత్తం చెప్పాను. పగుళ్ళు, సంతకం, నీ కోడు, ఒక మెట్టు. మధ్యలో ఏమీ అడగలేదు. ఆయన తిట్టకపోవడానికే నాకు భయమేసింది. కొట్టినా బావుండేది.

డబ్బు నేను కట్టుకుంటాను మామా, ఆపరేషన్ ఆగకూడదు అన్నాను. నీ దగ్గర ఇక డబ్బెక్కడుంటుందిరా, మొదట కోర్టుకి ఖర్చు పెట్టుకో అన్నాడు. కోడలి నగ పెట్టి కంటి సంగతి చూసుకుంటారట. అది మన పని వల్లేనని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

అక్కణ్ణించి ఆఫీసుకి వెళ్ళాను. కంప్లయన్స్ ఆఫీసరు తలుపేసి, ఒక్కొక్క ముక్కా రాయించుకుని, నా చేత ప్రతి పేజీ కిందా సంతకం పెట్టించాడు. కంపెనీ ఫోను తీసుకున్నారు. ఇంట్లో కంప్యూటర్ కోసం మనుషుల్ని పంపుతారట, నేను ముట్టుకోకూడదు. ఉద్యోగంలోంచి తాత్కాలికంగా ఆపారు. మార్కెట్ బోర్డుకి ఈ సాయంత్రమే తెలియజేస్తారు. తర్వాత ఏమవుతుందో ఆయనకీ తెలియదన్నాడు. మిగతా నలుగురి మీద ఇక అనుమానం ఉండదు కదా అని అడిగితే, మీరు వెళ్ళాక వాళ్ళని పిలిచి చెబుతాను అన్నాడు. గేటు దగ్గర కాపలాదారు నా గుర్తింపు కార్డు తీసుకుని, రేపు మామూలుగానే వస్తారుగా సార్ అన్నాడు. తలూపాను.

నీ కవరు పోస్టులో వేసెయ్. నా తర్వాతే చేరుతుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే మా ఇంటికేనేమో అని వింటున్నాను. కానీ రాయాలనుకున్నది అది కాదు. మామ ఇంట్లోంచి లేచి వచ్చేస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు. గోడ బదులు నా భుజం పట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు.

“నన్ను అడిగుంటే జరిగేవాణ్ణి కదరా.”

దారి పొడుగునా ఆలోచించాను. జరగమని అడగాలంటే ఎందుకో చెప్పాలి, చెప్పగలిగే పనైతే దొంగచాటుగా చెయ్యాల్సిన అవసరమే ఉండేది కాదు. అదీ లెక్క. కానీ మామ సంగతి నీకు తెలుసు. నిజం చెప్పి, ఆ పెద్ద నష్టం నీ నెత్తినెత్తుకో మామా, అక్క గది పోతోంది అని అడిగుంటే కూడా ఆయన జరిగేవాడేమో అక్కా. జైలు కన్నా ఆ ఆలోచనకే నాకు భయంగా ఉంది.

నీ తమ్ముడు